వారానికి పధ్నాలుగు గంటల మనిషి

గుండుసూది నా గదిదాకా నడిచొచ్చాడంటే ఎవరికో ఒకరికి గుచ్చుకోబోతోందన్నమాట. ఆయన మా ఫ్యాక్టరీ అకౌంట్స్ హెడ్డు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, తల మాత్రం గుండ్రంగా ఉంటుంది. ఆ పేరు పెట్టింది నేనే. ఆ రోజు కుర్చీ చూపించినా కూచోకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"వారంలో నువ్వు చేసే పనులన్నీ ఒక కాగితం మీద రాసివ్వు. దేనికి ఎన్ని గంటలు పడుతుందో కూడా రాయి. శుక్రవారానికి కావాలి," అన్నాడు.

"ఎందుకు సార్?"

"మేడమ్ అడిగారు."

అంతే, వెళ్ళిపోయాడు. మీరే చెప్పండి, పదకొండేళ్ళుగా ఏం చేస్తున్నావని అడగనివాళ్ళు ఇవాళ గంటలతో సహా రాసిమ్మంటే దాని అర్థమేమిటి? ఉద్యోగానికి ఎసరు పెడుతున్నారని పసిపిల్లాడికైనా తెలుస్తుంది.

మాది పారిశ్రామిక వాల్వులు తయారుచేసే ఫ్యాక్టరీ. రెండొందల ముప్ఫై మంది పనిచేస్తారు. అందులో కంప్యూటర్ల మనిషిని నేనొక్కడినే. సర్వర్ నేనే, నెట్‌వర్క్ నేనే, ప్రింటర్లో కాగితం ఇరుక్కుంటే నేనే, గేటు దగ్గర హాజరు మెషీన్ వేలిముద్ర తీసుకోకపోతే నేనే. ఎప్పుడో ఒక ప్రోగ్రామర్ రాసిపెట్టి వెళ్ళిపోయిన పాత సాఫ్ట్‌వేర్ మీదే స్టోర్సు, కొనుగోళ్ళు, డిస్పాచ్ నడుస్తాయి. ఉత్పత్తి ప్లానింగ్ మాత్రం ఎక్సెల్ షీట్లలో ఉంటుంది. ఒకరి షీటుకీ ఇంకొకరి షీటుకీ పొత్తు కుదరదు. ఆ సర్వర్‌కి వారంటీ పోయి నాలుగేళ్ళు. దానిలో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌కి భద్రతా అప్‌డేట్లు రావడం కూడా ఆగిపోయింది. అందుకే ఈ ఏడాది కొత్త ఈఆర్పీ పెట్టాలని మేడమ్ నిర్ణయించింది. అంటే కొనుగోలు నుంచి బిల్లు దాకా ఫ్యాక్టరీ అంతా ఒకే సాఫ్ట్‌వేర్‌లో నడవాలన్నమాట. మేడమ్ ఫ్యాక్టరీ యజమాని. మాట తక్కువ, చూపు ఎక్కువ.

తేలాల్సింది ఒక్కటే. ఆ ఈఆర్పీ మన సర్వర్ గదిలో ఉండాలా, క్లౌడ్‌లో ఉండాలా? మన గదిలో అంటే ఆన్‌ప్రెమిస్. సర్వర్లు మనవి, డేటాబేస్ మనది, బాధ్యత మనది. క్లౌడ్ అంటే అన్నీ వాళ్ళవి. మనం ఇంటర్నెట్ ద్వారా వాడుకుని, మనిషికింతని నెలనెలా చందా కట్టాలి. సర్వర్ అక్కడికి వెళ్ళిపోతే ఇక్కడ సర్వర్ గదికి తాళమెందుకు, ఆ తాళం జేబులో పెట్టుకుని తిరిగే నేనెందుకు?

అందుకని నేనో తెలివైన పని చేశాను. తెలివైనదని అప్పుడనుకున్నాను లెండి. జాబితాలో సగమే రాశాను. సర్వర్‌లో ఏ సర్వీసు ఏ వరసలో ఆపి మొదలుపెట్టాలో, నెలాఖరున డేటాబేస్ బిగుసుకుపోతే ఏం చేయాలో, బార్‌కోడ్ ప్రింటర్ మొరాయిస్తే ఏ ఫైలు చెరపాలో, ఇవన్నీ రాసిచ్చేస్తే ఇక నాతో పనేముంది? రేపు ఆ కాగితం ఎవడి చేతిలోనో పెట్టి నాకు దణ్ణం పెడతారు. పైపై పనులు పదకొండు వరసలు రాశాను. బ్యాకప్, వారానికి ఒక గంట. కొత్త వాళ్ళకి లాగిన్లు, ఒక గంట. ప్రింటర్లు, రెండు గంటలు. అలా అలా అన్నీ కలిపితే పధ్నాలుగు గంటలు తేలింది. గుండుసూది ఆ కాగితాన్ని పైనుంచి కిందకి చూసి, మళ్ళీ కిందనుంచి పైకి చూశాడు.

"ఇంతేనా?"

"ఇంతే సార్."

"ఆలోచించుకునే రాశావా?"

ఆ అడగడంలో ఏదో ఉంది. కూపీ లాగుతున్నాడనుకున్నాను. "నేను చేసే పని నాకు తెలీదా సార్?" అని కాస్త గట్టిగానే అన్నాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాతి వారం క్లౌడ్ కంపెనీ నుంచి ఒకమ్మాయి డెమో ఇవ్వడానికి వచ్చింది. కాన్ఫరెన్స్ గదిలో మేడమ్, గుండుసూది, నేను, ఇంకా ప్లాంట్ మేనేజర్ ఉన్నాం. ప్లాంట్ మేనేజర్‌ని మెషీన్లు నడిచే షాపుఫ్లోర్ అంతా ఉరుము అంటారు. ఆయన మెల్లగా మాట్లాడితే ఒంట్లో బాగాలేదేమో అని కంగారుపడతాం. వచ్చేముందు ఆ అమ్మాయి గుండుసూదితో కలిసి క్యాంటీన్‌లో టీ తాగడం నేను కళ్ళారా చూశాను. ఆహా, సంగతి ఇదా అనుకున్నాను.

అందుకే ఆ అమ్మాయిని వదల్లేదు. "ఇంటర్నెట్ పోతే?" అన్నాను.

"రెండు వేర్వేరు కంపెనీల లైన్లు పెట్టుకోవాలి సార్, రెండూ ఒకే దారిలో రాకుండా చూసుకోవాలి. పైన సిమ్‌తో నడిచే రూటర్ ఒకటి. షాపుఫ్లోర్ స్కానర్లు ఎంట్రీలను దాచుకుని లైన్ రాగానే పంపిస్తాయి. కానీ అన్ని లైన్లూ పోతే కొత్త ఇన్‌వాయిస్ మాత్రం తీయలేరు. అది దాచను," అంది.

"విన్నారా? ట్రక్కు గేటు దగ్గర నిలబడాలట!" అని ఉరుము ఉరిమాడు. నాకు లోపల చక్కెర తిన్నట్టుంది.

"మీ కాగితంలో తొంభై తొమ్మిదిన్నర శాతం నడుస్తుందని హామీ ఉంది. అంటే నెలకి మూడున్నర గంటలు ఆగిపోయినా మీరు మాట తప్పినట్టు కాదు. అవునా?" అన్నాను. ఇంటి దగ్గరే లెక్కేసుకుని వచ్చాను మరి.

"అవును సార్. ఆ లెక్క చాలామంది వెయ్యరు," అంది నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఒప్పందం ముగిస్తే మా డేటా ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో ఇస్తారని అడిగాను. రెన్యువల్‌లో ధర ఎంత పెంచుతారని అడిగాను. మా పాత సాఫ్ట్‌వేర్‌లో ఉన్నట్టు మాకు కావల్సిన మార్పులు చేసిస్తారా అనడిగాను. సెట్టింగులు, ఫారాలు, రిపోర్టులు మార్చుకోవచ్చంది, అసలు ప్రోగ్రామ్ జోలికి మాత్రం వెళ్ళకూడదంది. ఏడాదికి రెండుసార్లు కొత్త వెర్షన్ వస్తుంది, వద్దంటే ఆగదు, కాకపోతే ముందుగా పరీక్షించుకోవడానికి వేరే కాపీ ఇస్తారట. అన్నిటికీ డొంకతిరుగుడు లేకుండా చెప్పింది. అమ్మేవాళ్ళు ఇంత సూటిగా మాట్లాడితే నాకు ఇంకా అనుమానం.

చివర్లో ఆ అమ్మాయే నన్నొక ప్రశ్న అడిగింది. "సార్, మీరు ఆఖరిసారి బ్యాకప్‌ని రిస్టోర్ చేసి చూసిందెప్పుడు?"

బ్యాకప్ తీయడం వేరు, దాన్ని ఇంకో మెషీన్‌లో పోసి అన్నీ తిరిగొచ్చాయా లేదా చూసుకోవడం వేరు. గదిలో అందరూ నావైపు చూశారు.

"పోయిన నెల," అన్నాను తడుముకోకుండా.

పచ్చి అబద్ధం. రిస్టోర్ చేసి చూసి పధ్నాలుగు నెలలైంది. ప్రతిరోజూ ఉదయం స్క్రీన్ మీద పచ్చటి టిక్కు కనిపిస్తుంది, రిజిస్టర్‌లో 'అయింది' అని రాసి సంతకం పెడతాను. అంతకన్నా ఎవరేం చేస్తారు, అన్ని పనుల మధ్య?

కానీ ఆ ప్రశ్న చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. మర్నాడు మధ్యాహ్నం తలుపు వేసుకుని, పాత కంప్యూటరొకటి తీసి దాంట్లో రిస్టోర్ చేశాను. డేటాబేస్ వచ్చింది. స్టాకు, ఆర్డర్లు, అన్నీ వచ్చాయి. హమ్మయ్య అనుకుంటూ టెస్ట్ సర్టిఫికెట్ల ఫోల్డర్ తెరిచాను. వాల్వు వాల్వుకీ ప్రెషర్ టెస్ట్ చేసి ఇచ్చే సర్టిఫికెట్లవి. పదేళ్ళు దాచాలని కస్టమర్లతో ఒప్పందం ఉంది. ఆ ఫోల్డర్‌లో ఆఖరి సర్టిఫికెట్ ఏడు నెలల నాటిది. ఆ తర్వాత ఒక్కటీ లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఏడు నెలల క్రితం డిస్కు నిండిపోతే కొత్త సర్టిఫికెట్లు ఇంకో డిస్కులో పడేలా మార్చాను. కొత్త చోటుని బ్యాకప్‌లో చేర్చడం మర్చిపోయాను. పాత చోటులో ఉన్నవాటినే బ్యాకప్ రోజూ బుద్ధిగా కాపీ చేసి పచ్చ టిక్కు పెడుతోంది. ఇన్నాళ్ళూ ఆ డిస్కొక్కటి పోయుంటే ఏడు నెలల సర్టిఫికెట్లు గోవిందా.

ఐదు నిమిషాల పని. కొత్త చోటుని చేర్చి, బ్యాకప్ తీసి, మళ్ళీ రిస్టోర్ చేసి చూశాను. అన్నీ వచ్చాయి. తలుపు తీసి బయటికొచ్చాను. ఎవరికీ తెలీదు, తెలిసే దారి కూడా లేదు. బతికిపోయాన్రా దేవుడా అనుకున్నాను.

ఆ తర్వాతి వారం ఆన్‌ప్రెమిస్ డీలర్ వచ్చాడు. మనిషి రాకముందే సెంటు వాసన వస్తుంది. మేడమ్ ముందు రెండు సర్వర్లు, స్టోరేజీ, యూపీఎస్సు, డేటాబేస్ లైసెన్సు, సాలుకి మెయింటెనెన్సు అంటూ చకచకా చెప్పాడు. మీక్కావలసినట్టు ప్రోగ్రామ్ మార్చి ఇస్తామన్నాడు. ఉరుము పొంగిపోయాడు. సర్వర్ గది చూపించమని నా వెంట వచ్చాడు సెంటు బాబు. తలుపు మూసుకోగానే గొంతు తగ్గించాడు.

"మీ ఇబ్బంది నాకు తెలుసు సార్. ఎన్ని ఫ్యాక్టరీలు చూశాను! సర్వర్ ఉంటే మీరుంటారు. సర్వర్ పోతే మిమ్మల్ని పలకరించేవాడుండడు. మీ మాట వింటారుగా మేడమ్? కాస్త మనవైపు మొగ్గండి."

నా మనసులోని మాట, అక్షరం పొల్లుపోకుండా ఇంకొకడి నోట్లోంచి వచ్చింది. ఛీ అనిపించింది. పదిహేను రోజులుగా నేను డేటా భద్రత, ఇంటర్నెట్, ధరలు అని ఎన్ని కబుర్లు చెప్పినా, అడుగున ఉన్నది ఇదేనని ఈ సెంటు బాబు గుమ్మంలోనే పసిగట్టాడు. నా ముఖం మీద రాసుందా? మేడమ్‌కీ కనిపిస్తోందా?

"సర్వర్ చూశారుగా, పదండి," అని తలుపు తెరిచాను.

"అలా కోపమెందుకు సార్?"

"పదండి అన్నానా!"

ఆ శుక్రవారం సాయంత్రం గుండుసూది పోలిక షీటు మెయిల్లో పంపాడు. ఐదేళ్ళకి క్లౌడ్ ఒక వరస, ఆన్‌ప్రెమిస్ ఒక వరస. సర్వర్లు, లైసెన్సులు, చందాలు, ఇంటర్నెట్ లైన్లు, అన్నీ చక్కగా వేశాడు. కిందికొచ్చేసరికి 'మనుషులు' అని ఒక వరస ఉంది. ఆన్‌ప్రెమిస్ కింద ఇలా ఉంది: ప్రస్తుత పని వారానికి పధ్నాలుగు గంటలు, ఇప్పుడున్న ఒక్కరు సరిపోతారు, అదనపు ఖర్చు సున్నా. ఆ సున్నా వల్లే ఆన్‌ప్రెమిస్ చౌకగా తేలింది.

నేను గెలిచాను! సర్వర్ ఉంటుంది, నేనుంటాను. ఎగిరి గంతేయాలి కదా? కుర్చీలోంచి లేవలేకపోయాను. కొత్త సర్వర్లు రెండు, కొత్త డేటాబేస్, నెలనెలా భద్రతా అప్‌డేట్లు, ఇంకో చోట కాపీ, నలభై ముగ్గురు యూజర్ల ఫోన్లు, పైగా ఉరుము కోరే మార్పులు. ప్రోగ్రామ్‌ని అలా కోసుకుంటూ పోతే రేపు కొత్త వెర్షన్‌కి మారలేం, ఇప్పుడున్న గతే మళ్ళీ పడుతుంది. ఇదంతా చేసేవాడు పధ్నాలుగు గంటల పనివాడు! ఇంకొకరిని ఇవ్వండని అడిగే నోరు నాకు లేదు, నా చేతులతో నేనే మూసుకున్నాను. పోనీ క్లౌడే అయితే? వారానికి పధ్నాలుగు గంటలు పనిచేసేవాడికి అందులో సగం పని కూడా పోతుంది. ఎటు చూసినా గొయ్యే. తవ్వింది గుండుసూదే అని తిట్టుకుందామంటే ఆ గంటల అంకె నాది.

ఇంటికెళ్ళి అన్నం ముందు కూచున్నానే గానీ ముద్ద దిగలేదు. నా భార్య డ్రాయింగ్ టీచరు. నా ముఖం చూసి ఏం జరిగిందో చెప్పేస్తుంది, చెప్పకుండా ఆగదు కూడా.

"ఇవాళ ఎవరి మీద అనుమానం?" అంది.

"నీకంతా వేళాకోళం." షీటు చూపించాను, నా జాబితా కూడా చూపించాను. దీనిలో ఎవరి కుట్ర ఏమిటో చెప్పుకొచ్చాను. గుండుసూది నాకు పొగ పెడుతున్నాడన్నాను. ఆమె షీటు పక్కన పడేసి జాబితా మాత్రం చదివింది. రెండుసార్లు చదివింది.

"పధ్నాలుగు గంటలా? మరి మిగతా టైమంతా ఎక్కడికి వెళ్తున్నారండీ? నాకు చెప్పకుండా ఇంకో సంసారమేమైనా పెట్టారా?"

"నవ్వకు. కావాలనే సగం రాశాను."

ఆమె నవ్వలేదు. లోపలికెళ్ళి తన డ్రాయింగ్ పుస్తకం, పెన్సిలు తెచ్చుకుని నా ఎదురుగా కూచుంది. "నేను చెప్తాను, గంటలు మీరు వెయ్యండి," అని మొదలుపెట్టింది. "ఆదివారాలు డిస్పాచ్ వాళ్ళ ఫోన్లు. భోజనం మధ్యలో గేటు దగ్గర్నించి ఫోన్లు. మా చెల్లెలి పెళ్ళిలో మండపం వెనకాల లాప్‌టాప్ పెట్టుకుని రెండు గంటలు. నెలాఖరున మూడు రోజులు మీరు మనిషిలా ఉండరు, దాన్ని ఏమంటారో మీరే రాయండి. మీకు జ్వరం వచ్చినప్పుడు జీపు పంపించి తీసుకెళ్ళారు, జ్ఞాపకముందా? నాలుగేళ్ళయింది మనం ఎక్కడికైనా రెండు రోజులు వెళ్ళి."

"అది పని కాదు, అది..."

"మరేమిటి?"

పెన్సిలు తీసుకుని నేనే రాయడం మొదలుపెట్టాను. ఎవరికీ చెప్పకూడదనుకున్నవన్నీ ఒక్కొక్కటే దిగాయి. ఏ సర్వీసు ఏ వరసలో మొదలుపెట్టాలో రాశాను. బార్‌కోడ్ ఫైలు రాశాను. చేయాల్సి ఉండీ చేయనివి వేరే పేజీలో రాశాను: ఆగిపోయిన అప్‌డేట్లు, మూడేళ్ళుగా మార్చని పాస్‌వర్డులు, సర్వర్ రోజూ రాసుకుంటున్నా ఎవరూ చూడని లాగ్ ఫైళ్ళు. ముప్ఫై తొమ్మిది వరసలయ్యాయి, యాభై ఎనిమిది గంటలు. పెన్సిలు కింద పెట్టేశాను.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయింది."

"ఇంకోటి ఉన్నట్టుంది మీ ముఖం చూస్తే."

సర్టిఫికెట్ల సంగతి చెప్పాను. ఆమెతో కూడా చెప్పనిది అదొక్కటే. "అది రాస్తే వాళ్ళు నన్ను ఊరికే వదలరు. సరిచేసేశాను కూడా. ఎవరికీ తెలీదు," అన్నాను.

"రాయమని నేననను. ఉద్యోగం మీది, ఇల్లు మనది," అని ప్లేట్లు తీసుకుని లేచింది. అంతకన్నా ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. నలభయ్యో వరసగా అది రాశాను.

సోమవారం పదిన్నరకి మీటింగు. గుండుసూది షీటు తెర మీద వేశాడు. ఉరుము అప్పటికే కుర్చీలో వెనక్కి వాలి, "ఇంకేం, సర్వరే పెట్టేద్దాం. మన సొత్తు మన దగ్గరుంటుంది, మార్పులు మన ఇష్టం," అంటున్నాడు.

"నాదొక సవరణ ఉంది మేడమ్," అన్నాను. "మనుషుల వరసలో వేసిన గంటలు తప్పు. పధ్నాలుగు కాదు, యాభై ఎనిమిది. కొత్త సర్వర్లు వస్తే అది ఇంకా పెరుగుతుంది. ఇద్దరు మనుషులు ఇంకా కావాలి, అందులో ఒకరికి డేటాబేస్ పని క్షుణ్ణంగా తెలిసుండాలి. ఆ రెండు జీతాలు వేసి చూడండి."

గుండుసూది అంకెలు మార్చాడు. తెర మీద ఆన్‌ప్రెమిస్ మొత్తం ఒక్కసారి పైకెళ్ళి క్లౌడ్‌ని దాటింది. ఉరుము ముందుకి వంగాడు. "ఏమయ్యా, మొన్న పధ్నాలుగన్నావు! మాతో ఆటలాడుతున్నావా?"

"చదువుతాను సార్," అని జాబితా తీశాను.

చదువుతూ పోయాను. ఎవరూ అడ్డు రాలేదు. నలభయ్యో వరస కూడా చదివేశాను. ఏడు నెలల సర్టిఫికెట్లకి బ్యాకప్ లేదు. పోయిన నెల రిస్టోర్ చేశానని డెమోలో చెప్పింది అబద్ధం.

ఉరుము లేచి నిలబడ్డాడు. "ఏడు నెలలా! కస్టమర్ ఆడిట్‌కి వచ్చినప్పుడు ఆ డిస్కు పోయుంటే? ఒక్క సర్టిఫికెట్ లేకపోతే లాటు లాటంతా వెనక్కి పంపిస్తారు, తెలుసా నీకు? కొంప ముంచేవాడివయ్యా!" ప్రతి మాటా నిజమే. తల దించుకున్నాను.

"కూచోండి," అంది మేడమ్ ఆయనతో. తర్వాత నావైపు తిరిగింది. "నీకెప్పుడు తెలిసింది?"

"పన్నెండు రోజులైంది మేడమ్."

"సరిచేశావా?"

"ఆ రోజే చేశాను."

"మరి ఇప్పుడెందుకు చెప్పావు? మాకెవ్వరికీ తెలిసేది కాదు."

"అందుకే చెప్పాను. నా తప్పు పట్టుకునేవాళ్ళు ఈ ఫ్యాక్టరీలో లేరు. ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు నేను. మంచి సర్వర్ కొనిచ్చినా రేపు ఇంకేదో మర్చిపోతాను, అదీ ఎవరికీ తెలీదు. క్లౌడ్‌లో ఆ పని వాళ్ళు చేస్తారు. అయినా వాళ్ళ మాట నమ్మక్కర్లేదు. మూడు నెలలకోసారి మన డేటా దింపుకుని మనమే తెరిచి చూసుకోవాలి. ఒప్పందం ముగిస్తే డేటా ఎన్ని రోజుల్లో ఇస్తారో, రేటు ఎంతకి మించి పెంచరో రాతపూర్వకంగా తీసుకోవాలి. రెండు లైన్లు వచ్చి, ఒకటి పీకేసి చూశాకే సంతకం పెట్టాలి."

"చివరికి వాళ్ళనీ నమ్మలేదన్నమాట," అంది మేడమ్.

"లేదు మేడమ్."

ఆమె జాబితా చేతిలోకి తీసుకుని పేజీలు తిప్పింది. "ఇంత పని ఒక్కడివే చేస్తూ ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మాకెందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలేదు మేడమ్," అనేశాను. అలవాటైన మాట, దానంతటదే వచ్చింది. గుండుసూది బల్ల అవతల తల దించుకుని కాగితాలు సర్దుకుంటున్నాడు. ఆయన అడిగాడు. ఆలోచించుకునే రాశావా అని రెండోసారి కూడా అడిగాడు. ఇప్పుడు నోరు తెరిచి ఆ మాట అంటే చాలు, నేను మట్టికొట్టుకుపోతాను. ఆయన అనలేదు. ఎందుకనలేదు? దీన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు. సిగ్గు ముంచుకొచ్చింది.

"కాదు మేడమ్. సార్ అడిగారు. నేనే సగం దాచాను, రాసిచ్చేస్తే నన్ను తీసేస్తారని," అన్నాను.

మేడమ్ కలం మూత పెట్టింది. క్లౌడే తీసుకుందామంది. నేను చెప్పిన షరతులన్నీ కాగితం మీదికి రావాలంది. ఉరుము గొణిగాడు, ఇన్‌వాయిస్ ఆగిపోయిన రోజు నన్నే గేటు దగ్గర నిలబెడతానన్నాడు. "నిలబెట్టండి," అంది మేడమ్. తర్వాత నాతో, "స్టోర్సు నుంచి ఒకమ్మాయిని నీ కింద వేస్తున్నాను. నీకు తెలిసిందంతా నేర్పు. ఏదీ దాచకు," అంది.

పదకొండేళ్ళలో మొదటిసారి, మనసులో తిప్పుకుంటూ కూచోకుండా సూటిగా అడిగేశాను. "నన్ను తీసేయడానికా మేడమ్?"

ఆమె తడుముకోలేదు. "ఉదయం దాకా అదే ఉద్దేశం. నువ్వు సర్వర్ కోసం పట్టుబడతావని, మమ్మల్నందరినీ నీ గుప్పిట్లో పెట్టుకోవడానికే అంటావని అనుకున్నాను. నీకు ఇవ్వాల్సిన మూడు నెలల నోటీసు కూడా టైపు చేయించాను."

అంటే నా అనుమానం నూటికి నూరుపాళ్ళు నిజం. వారాల తరబడి నేను పిచ్చివాడిలా పడ్డ భయం ఉత్త భయం కాదు. అయినా నాకు గెలిచినట్టు అనిపించలేదు. నోటీసు రాయించింది ఆమే అయినా, రాయడానికి కావలసినదంతా అందించింది నేనే.

"ఇప్పుడు?" అన్నాను.

"ఇప్పుడు నాకు ఈ నలభై వరసలు తెలుసు. చదివి వినిపించినవాడిని ఎందుకు వదులుకుంటాను? కానీ సర్టిఫికెట్ల సంగతి నీ ఫైల్లో రాస్తాను. అది మాత్రం ఉంటుంది."

"ఉండనివ్వండి మేడమ్," అన్నాను.

బయటికొచ్చాక గుండుసూది నా పక్కనే నడిచాడు. "మీరెందుకు చెప్పలేదు సార్, అక్కడ?" అన్నాను చివరికి.

"నువ్వే చెప్తావేమో చూద్దామని," అన్నాడు. "ఇంకో నిమిషం ఆగి నేనే చెప్పేవాణ్ణి."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన నా గదిలోకి వచ్చి, ఈసారి చెప్పకుండానే కుర్చీ లాక్కుని కూచుని, "ఆ స్టోర్సు అమ్మాయి వచ్చేలోపు నాకు చూపించు. రిస్టోర్ అంటే ఏమిటి?" అన్నాడు. ఆయనకి స్క్రీన్ కనిపించేలా నా కుర్చీ పక్కకి జరుపుకున్నాను.